అత్త నలుగు పాట, జానెడు దూరం

ఈ ఆదివారమంతా మేనత్త పాట రికార్డు చేయడంతోనే సరిపోయింది. శ్రావణంలో హైదరాబాదులో మా చిన్నాన్న కూతురి పెళ్లి. మోకాళ్ల నొప్పులతో అత్త విజయనగరం నుంచి అంతదూరం వెళ్లలేదు, కానీ నలుగు పెట్టేటప్పుడు అత్త పాట వినపడాల్సిందేనని చెల్లి పట్టు. అందుకని ఫోన్లోనే తీసి పంపుదామనుకున్నాం. పోయిన నెల బావ ఒకసారి తీశాడు, ముందు హాల్లో టీపాయ్ మీద ఫోన్ పెట్టి, అత్త సోఫాలో కూర్చుని పాడింది. అది వింటే గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది, మాట అర్థం కావడం లేదు. నలుగు పాటలో మాటే ప్రాణం, పెళ్లికూతుర్ని ఆటపట్టించే చమత్కారమంతా మాటలోనే ఉంటుంది. అది వినపడకపోతే పాట పంపినా పంపనట్టే.

బావ ఫోన్ మంచిదే, మైకులో లోపమేమీ లేదు. లోపమంతా ఆ హాల్లోనే ఉంది. పైన స్లాబు, కింద టైల్స్, నాలుగు పక్కలా నున్నగా రంగు వేసిన గోడలు, ఒక సోఫా తప్ప మెత్తటి వస్తువు లేదు. పొద్దున్నే మధ్యలో నిలబడి ఒక్క చప్పట్టు కొట్టాను. చప్పట్టు ఆగాక రేకు మోగినట్టు 'ట్ర్‌ర్' అని ఒక తోక వినపడింది. రెండు గోడల మధ్య 10 అడుగులుంటే శబ్దం వెళ్లి రావడానికి 20 అడుగులు. శబ్దం సెకనుకు 1,100 అడుగులకు పైగా పోతుంది కాబట్టి ఆ చప్పట్టు సెకనుకు యాభైకి పైగా సార్లు ఒకే చోటికి తిరిగి వస్తుంది, అందుకే ఆ రేకు మోత. ఇల్లంతా తిరిగి ప్రతి గదిలో ఒక చప్పట్టు కొట్టి చూశాను. వంటిల్లు హాలు కంటే ఘోరం. వెనక పడకగదిలో మాత్రం తోక సగానికి తగ్గింది, ఎందుకంటే అక్కడ పత్తి పరుపు ఉంది, బట్టలు కుక్కిన బీరువా ఉంది, కిటికీకి మందం కర్టెన్ ఉంది. చిన్న గదే కానీ అదే ఖాయం చేశాను.

ఇక దూరం సంగతి. ఫోన్ మైకుకి చేరేవి రెండు: అత్త నోటి నుంచి నేరుగా వచ్చే గొంతు ఒకటి, గోడలకీ స్లాబుకీ తగిలి తిరిగొచ్చే గొంతు ఇంకొకటి. ఫోన్‌ను దగ్గరికి జరిపితే నేరుగా వచ్చేది బాగా పెరుగుతుంది, దూరం సగమైనప్పుడల్లా 6 డెసిబెళ్లు. తిరిగొచ్చేది మాత్రం గదిలో ఎక్కడ పెట్టినా ఇంచుమించు అంతే ఉంటుంది. అంటే ఎకో తగ్గించడానికి అన్నిటికంటే చవకైన ఉపాయం ఫోన్ జరపడమే. బోసి గోడల చిన్న గదిలో దాదాపు అడుగు దూరం దాటితే నేరుగా వచ్చే గొంతు కంటే గది శబ్దమే ఎక్కువవుతుంది. టీపాయ్‌కీ సోఫాకీ మధ్య నాలుగడుగులు ఉంది, ఇక బావ రికార్డింగులో గది తప్ప ఇంకేం వినపడుతుంది! పైగా ఫోన్ బల్ల మీద పడుకోబెడితే బల్లకి తగిలిన శబ్దం కూడా కాస్త ఆలస్యంగా వచ్చి కలిసి గొంతును పలచన చేస్తుంది.

ఎంత దగ్గర అన్నదానికి నేను టేపు వాడను, జాన వాడతాను. మామూలుగా పాడేవాళ్లకి నోటి నుంచి ఫోన్ మైకుకి ఒక జాన, అంటే సుమారు 20 సెంటీమీటర్లు. మెల్లగా లాలి పాడితే బెత్తెడు దాకా రావచ్చు. అత్తది పెళ్లి పందిట్లో మైకు లేకుండా పాడి పాడి తయారైన గొంతు, పైస్థాయికి వెళ్తే గదిలో కిటికీ అద్దం అదురుతుంది, అందుకని ఆవిడకి జానన్నర పెట్టాను. మరీ దగ్గరపెడితే ఇంకో బాధ ఉంటుంది. ప, బ, భ పలికినప్పుడు నోటి గాలి మైకు రంధ్రంలోకి కొట్టి 'బుస్' మని దెబ్బ పడుతుంది, అది తర్వాత తీసేయడం కష్టం. అరచేయి నోటి ముందు పెట్టి 'పప్పు, భామ' అనండి, గాలి ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది. ఫోన్ ఆ గాలి దారిలో ఉండకూడదు. నోటికి ఎదురుగా కాకుండా బుగ్గ వైపు కొంచెం పక్కకి, గడ్డం ఎత్తులో పెడితే గాలి పక్కనుంచి పోతుంది, గొంతు మాత్రం పడుతుంది. అలాగని మరీ చెవి వైపు జరపకూడదు, స, శ లాంటి పదునైన శబ్దాలు నోటికి ఎదురుగానే పోతాయి కాబట్టి మాట మొద్దుబారుతుంది.

చాలామంది ఫోన్ ముఖాన్ని, అంటే స్క్రీన్ని, పాడేవాళ్ల వైపు తిప్పుతారు. పాట రికార్డు చేసే మైకు చాలా ఫోన్లలో కింద అంచున, చార్జింగ్ పెట్టే చోటు పక్కన చిన్న రంధ్రంలో ఉంటుంది. ఆ అంచు నోటి వైపు ఉండాలి, దూరం కూడా అక్కడినుంచే కొలవాలి. కవరు ఆ రంధ్రాన్ని కొంచెం మూసినా గొంతు దుప్పటి కప్పుకున్నట్టు వస్తుంది, అందుకని కవరు తీసేశాను. చేత్తో పట్టుకుంటే వేళ్ల రాపిడి పడుతుంది. స్టాండుకి బిగించి ఎత్తు సరిచేశాను.

ఫోన్ మైకు ఎదురుగా ఉన్నది ఒక్కటే విని మిగతాది వదిలేసే రకం కాదు, అన్ని పక్కలా వింటుంది. కాబట్టి ఫోన్ వెనక ఒక్క దుప్పటి కట్టి ఊరుకుంటే పని సగమే అవుతుంది. నోట్లోంచి వచ్చింది ముందు గోడకి కొట్టుకోకుండా ఫోన్ వెనక ఒకటి, తిరిగొచ్చేది ఆపడానికి అత్త వీపు వెనక ఒకటి కావాలి. బీరువా మీద అమ్మ పాత చీరలతో కుట్టిన బొంతలున్నాయి, మందంగా బరువుగా ఉంటాయి, దీనికి వాటిని మించినవి లేవు. మడతమంచం నిలబెట్టి దానిమీద ఒక బొంత వేసి ఫోన్ వెనక పెట్టాను, గదిలో కట్టిన దండెం మీద రెండో బొంతని రెండు మడతలు వేసి అత్త వెనక వేలాడదీశాను. అత్త వచ్చి చూసి, "ఏట్రా అబ్బాయ్, నా పాటకి జలుబు చేస్తదనా ఇన్ని బొంతలు?" అంది.

బొంతని గోడకి ఆనించి కాకుండా జానెడు ఎడంగా వేలాడదీయడంలో కిటుకుంది. గోడను ఆనుకున్న చోట శబ్దానికి గాలి దాదాపు కదలదు, గుడ్డ పనిచేసేదేమో కదిలే గాలి మీద. గోడకి జానెడు దూరంలో గాలి బాగా కదులుతుంది కాబట్టి అదే బొంత ఇంకొంచెం కింది స్వరాలను కూడా తాగేస్తుంది. పలచటి కర్టెన్ ఒక్కటే కడితే పైన ఉండే చురుకైన శబ్దాలు మాత్రమే పోయి కింది గుమ్ము మిగిలిపోతుంది, రికార్డింగు డబ్బాలో పాడినట్టు వస్తుంది. బొంతలకీ హద్దుంది. మగవాళ్ల కింది స్థాయి గొంతుకి, మృదంగం లాంటి వాటికి ఇవి చాలవు. అత్త గొంతుకి సరిపోయాయి.

మళ్లీ చప్పట్టు కొడితే ఈసారి తోక లేదు, 'టప్' మని అక్కడే ఆగింది.

ఫ్యాన్ ఆపాల్సిందే, అది తప్పదు. ఉక్కకి అత్త నుదురంతా చెమట. అందుకే ఒక్కో చరణం తీసి ఆపి, ఫ్యాన్ వేసి, మంచినీళ్లు తాగించి మళ్లీ మొదలుపెట్టాం. గోరువెచ్చటి నీళ్లే ఇచ్చాను. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాను. పక్కగదిలో ఫ్రిజ్ మోటారు ఆగేదాకా చూసి, తలుపు మూసి, తలుపు కింద సందులో తువ్వాలు పెట్టాను. వీధిలో ఆటో వెళ్తే ఆ చరణం మళ్లీ తీసుకోవడమే, బొంత గది ఎకోని ఆపుతుంది గానీ బయటి హారన్ని ఆపదు.

రికార్డింగ్ యాప్‌లో ఒకటి తప్పకుండా చూసుకోవాలి. కొన్ని యాప్‌లు గొంతు తగ్గినప్పుడు వాటంతట అవే సౌండ్ పెంచేస్తాయి. పరీక్ష చాలా తేలిక: గట్టిగా ఒక మాట అని, నాలుగైదు సెకన్లు నిశ్శబ్దంగా ఉండి, హెడ్‌ఫోన్స్‌లో వినాలి. ఆ నిశ్శబ్దంలో 'స్‌స్' అనే గది మోత మెల్లగా పైకి లేస్తే ఆటో గెయిన్ పనిచేస్తున్నట్టే. చరణానికీ చరణానికీ మధ్య ఆగినప్పుడల్లా గది ఎకోని అది పైకి లాక్కొస్తుంది, బొంతల కష్టమంతా వృథా. నాయిస్ రిడక్షన్ ఇంకో రకం. అది మాటల కోసం చేసింది, అత్త ఒక స్వరాన్ని పట్టుకుని సాగదీస్తే దాన్ని ఫ్యాన్ మోత అనుకుని చివర కోసేస్తుంది. ఈ రెండూ ఆపే వీలున్న యాప్‌లో, శబ్దాన్ని కుదించకుండా ఉన్నదున్నట్టు దాచే WAV ఫైలుగా తీశాను. ముందుగా పాటలో అన్నిటికంటే గట్టిగా వచ్చే చరణం పాడించి, యాప్‌లో సౌండ్ ఎంతుందో చూపే మీటరు -6 డెసిబెళ్లు దాటకుండా గెయిన్ తగ్గించుకున్నాను. మీటరు సున్నాకి తగిలితే గొంతు పగులుతుంది, పగిలింది మళ్లీ అతకదు.

అత్తకి ఒక అలవాటుంది, చమత్కారం వచ్చిన చోట తల ఊపుతూ ముందుకి వంగుతుంది. జానన్నర కాస్తా జాన అయిపోతే మీటరు ఒక్కసారిగా లేస్తుంది. వంగొద్దని చెబితే పాటలో సరదా పోతుంది. అందుకని వీపుకి ఆనేలా వెనక కుర్చీ వేసి, "అత్తా, వీపు కుర్చీని వదలకు, చేతులు ఎంతైనా తిప్పుకో" అన్నాను. చేతులు తిప్పుతూ ఎదురుగా చెల్లే కూర్చున్నట్టు పాడింది. మొదట తీసిన చరణాల కంటే చివర తీసినవి ఎంతో బాగొచ్చాయి.

సాయంత్రం చెల్లికి పంపాను, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా కాదు, WAV ఫైలును డాక్యుమెంట్‌గా. విని ఫోన్ చేసింది. "అన్నయ్యా, ప్రతి మాటా తెలుస్తోంది, కానీ మరీ చెవి దగ్గర పాడినట్టుంది, పందిట్లో పాడినట్టు లేదు" అంది. నిజమే, ఇంత పొడిగా తీసిన గొంతు అలాగే ఉంటుంది. దీనికి తర్వాత కావలసినంత రివర్బ్, అంటే యాప్‌తో వేసే గది మోత, కలపొచ్చు, గదిలోంచి అంటుకున్న ఎకోని మాత్రం తర్వాత శుభ్రంగా తీయలేం. రాత్రి అన్నం తిన్నాక ఎడిటింగ్ యాప్‌లో పదిహేను శాతం రివర్బ్ వేసి విన్నాను, మాట మసకబారడం మొదలైంది. పదికి తగ్గిస్తే సరిపోయింది. పొడి ఫైలు, కలిపిన ఫైలు రెండూ పంపాను. పెళ్లింట్లో పెద్ద స్పీకర్లలో పెడతారు కదా, ఆ హాలే ఎలాగూ తన ఎకో తాను కలుపుతుంది, అక్కడ పొడిదే పెట్టమని చెల్లికి మెసేజ్ పెట్టాను.