అమ్మ వీపు మీది మచ్చ, మడమ మీది మచ్చ

నిరుడు భోగి నాడు అమ్మకు తలంటి వీపు రుద్దుతుంటే ఎడమ భుజం కింద చింతగింజంత నల్లటి మచ్చ కనిపించింది. ఎన్నాళ్ల నుంచి ఉందో అమ్మకే తెలియదు. ఫోనుతో ఫొటో తీసి ఉంచాను. ఉగాదికి మళ్లీ ఒక ఫొటో తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూసేసరికి నా గుండె జారిపోయింది. రెండో ఫొటోలో మచ్చ ఇంకా నల్లగా, ఇంకా పెద్దగా ఉంది.

మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌ను అనుమానించడానికి న్యూయార్క్ వైద్యులు 1985లో ఇచ్చిన గుర్తులు అప్పటికే చదివి ఉన్నాను. మామూలు పుట్టుమచ్చలో కణాలు అన్ని వైపులకూ దాదాపు ఒకే తీరులో పెరుగుతాయి కాబట్టి, నడుమ గీత ఊహించుకుంటే రెండు సగాలూ సరిపోలతాయి. మెలనోమాలో కణాలు ఒక వైపు వేగంగా, ఒక వైపు నెమ్మదిగా పాకుతాయి. అందుకే ఆకారం ఒక పక్కకు ఒరుగుతుంది, అంచు పురుగు కొరికిన ఆకులా గాట్లు పడుతుంది. రంగు తేడాలకు కారణం చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఉన్న లోతు. చర్మం పైపొరలో ఉంటే నలుపుగా, కాస్త కిందుంటే గోధుమ రంగుగా, ఇంకా లోతుకు వెళ్తే నీలి బూడిద రంగుగా కనిపిస్తుంది. అమ్మ వీపు మీది మచ్చలో ఈ మూడు లక్షణాలూ ఉన్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడే చర్మవ్యాధుల డాక్టరుగారి దగ్గరకు వెళ్లాం. ఆవిడ ముందు నా ఫొటోలు చూశారు. “మచ్చను కాదు, దాని చుట్టూ ఉన్న చర్మాన్ని చూడండి. రెండో ఫొటోలో అది కూడా నల్లబడింది కదా? మారింది వెలుతురు” అన్నారు. నిజమే. మొదటిది పగటి వెలుగులో తీశాను, రెండోది రాత్రి గదిలో లైటు కింద. పక్కన స్కేలు పెట్టలేదు, ఫోను దగ్గరగా పట్టుకోవడంతో మచ్చ పెద్దగా పడింది. మూడు నెలలు గడవక ముందే పెరిగిందని నేను భయపడింది ఈ తేడాను చూసే.

తర్వాత మచ్చను వేలితో తడిమి, డెర్మోస్కోప్ ఆనించి చూశారు. వెలుతురుతో, సుమారు పది రెట్లు పెద్దదిగా చూపించే చిన్న భూతద్దం అది. నన్నూ చూడమన్నారు. గసగసాల వంటి తెల్లటి చుక్కలు, వాటి మధ్య చిన్న చిన్న గుంటలు కనిపించాయి. సెబోరిక్ కెరటోసిస్ అన్నారు, వయసుతో పైపొర మందమై వచ్చే హాని లేని మచ్చ. మైనం ముద్ద అతికించినట్టు గరుకుగా తగులుతుంది. ఫొటోలో ఆ స్పర్శ తెలియదు. మెలనోమా కొన్నిసార్లు అచ్చం ఇలాగే కనిపించి డాక్టర్లనూ తికమక పెడుతుందని, ఏమాత్రం అనుమానం ఉన్నా ముక్క తీసి పరీక్షకు పంపుతామని కూడా చెప్పారు.

ఊపిరి పీల్చుకుని లేవబోతుంటే, “అరికాళ్లు కూడా చూపించండమ్మా” అన్నారు. మన దేశంలో మెలనోమా అరుదు. వచ్చినప్పుడు మాత్రం తరచుగా అరికాలిలోనో, అరచేతిలోనో, గోటి కిందో వస్తుందట. అమ్మ కుడి మడమ అంచున లేత గోధుమ రంగు మరక ఒకటి ఉంది. చెప్పు రంగు అంటిందని అమ్మ ఏడాదిగా అనుకుంటోంది. నేను చూసినా ఫొటో తీయాలని అనిపించి ఉండేది కాదు. రంగు ఒకటే, ఆకారం ఇంచుమించు గుండ్రం. కొలిస్తే ఎనిమిది మిల్లీమీటర్లు.

ఈసారి డెర్మోస్కోప్ చాలాసేపు ఆనించి ఉంచారు. అరికాలి చర్మం మీద వేలిముద్రలో ఉన్నట్టే గట్లూ చాళ్లూ ఉంటాయి. మామూలు పుట్టుమచ్చ రంగు ఎక్కువగా చాళ్లలో ఉంటుంది. అమ్మ మచ్చలో రంగు గట్ల మీద ఉంది. “ఇది తీసి పరీక్షించాలి” అన్నారు.

మత్తు సూది వేసి, చుట్టూ రెండు మిల్లీమీటర్ల మామూలు చర్మంతో సహా, కింది కొవ్వు పొర దాకా మొత్తం మచ్చను తీశారు. పైపైన చెక్కితే సరిపోదా అని అడిగాను. క్యాన్సరే అయితే అది ఎన్ని మిల్లీమీటర్ల లోతుకు దిగిందన్న దాన్ని బట్టే తర్వాతి చికిత్స ఉంటుందని, చెక్కితే ఆ కొలత పోతుందని చెప్పారు. పది రోజులకు బయాప్సీ రిపోర్టు వచ్చింది. మెలనోమాయే, కానీ ఇంకా పైపొర దాటలేదు.

రెండోసారి ఆపరేషన్‌లో చుట్టూ ఒక సెంటీమీటరు చర్మం తీసేసి, తొడ నుంచి చర్మం తెచ్చి అతికారు. తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ కణాలు లేవని పరీక్షలో తేలింది. వారాల తరబడి అమ్మ మడమ నేలకు ఆనించలేదు.

ఇప్పుడు పరీక్షకు వెళ్లినప్పుడల్లా ఫొటోలు తీసుకెళ్తూనే ఉన్నాను. పగటి వెలుగులో, ఒకే దూరం నుంచి, స్కేలు పక్కన పెట్టి తీస్తున్నాను. డాక్టరుగారు వాటిని ఒకసారి చూసి పక్కన పెడతారు. అప్పటికే అమ్మ చెప్పులు విప్పి, కాళ్లు చాచి కూర్చుని ఉంటుంది.