కాగితం మీద ధర, చేతికి వచ్చిన ధర

తిరుపతి గాంధీ రోడ్డులో మాది పాత్రల దుకాణం. మధ్యాహ్నం బేరాలు పలచబడే వేళ ఫోనులో షేర్ల ధరలు చూడటం అలవాటైంది. లక్ష రూపాయలు పెడతానంటే, బ్యాంకులో పనిచేసి రిటైరైన మా బావ ఒప్పుకోలేదు. "ముందు నాలుగు నెలలు నోటుపుస్తకంలో కొను, అమ్ము. డబ్బు తర్వాత పెడుదువుగానీ" అన్నారు.

మొదటి మూడు వారాలు రాసిన పేజీలు చించేయాల్సి వచ్చింది. మూడున్నరకు మార్కెట్ మూసేశాక తీరిగ్గా కూర్చుని రాసేవాణ్ణి. ఆ రోజు గ్రాఫు కళ్ల ముందుంటే ఎక్కడ కొనాలో ఎవరికైనా తెలిసిపోతుంది. ఆ తర్వాత, కొనాలనిపించిన నిమిషంలోనే సమయం, ధర, కారణం, ఎంతకు పడితే అమ్మేస్తానో రాయడం మొదలుపెట్టాను. రాసింది కొట్టివేయకూడదనుకున్నాను. పుస్తకం నిజంగా పనికొచ్చింది అప్పటినుంచే. నలభై ఒక్క లావాదేవీలు వరుసగా చదువుకుంటే, ఉదయం 9:15కు మార్కెట్ తెరవగానే తొందరపడి కొన్నవాటిలో చాలావరకు నష్టాలే కనిపించాయి. పైసా పోకుండా ఇది తెలియడం చిన్న లాభమేమీ కాదు.

నాలుగు నెలలకు పుస్తకంలో పదకొండు వేల లాభం తేలింది. ధైర్యం వచ్చి అసలు డబ్బు పెట్టాను.

మొదటి లావాదేవీ ఒక చిన్న కంపెనీ షేరు. తెర మీద ధర 142 రూపాయలు. రెండు వందల షేర్లకు, ఎంతకు దొరికితే అంతకు కొనమనే మార్కెట్ ఆర్డర్ వేశాను. పుస్తకం లెక్కలో 28,400 కావాలి. నిజానికి అయింది 28,589 రూపాయల 50 పైసలు. 142.60కి అమ్మేవాళ్ల దగ్గర 60 షేర్లే ఉన్నాయి, 142.90కి 85, మిగతా 55 నాకు 143.40కి దొరికాయి. నాలుగు రోజులకు ధర 146 చూపించినప్పుడు అమ్మాను. అప్పుడూ అంతే, కొనేవాళ్లు 145.40 నుంచి 144.70 దాకా మెట్లుమెట్లుగా ఉన్నారు. చేతికి 29,025 వచ్చింది. పుస్తకంలో 800 ఉండాల్సిన లాభం 435 అయింది. కొన్నప్పుడూ అమ్మినప్పుడూ 0.1 శాతం చొప్పున లావాదేవీ పన్ను, స్టాంపు డ్యూటీ, డీమ్యాట్ రుసుము కలిపి ఇంకో ఎనభై దాకా పోయాయి. మిగిలింది సుమారు 355.

బావకు చూపిస్తే ఒక్క మాటే అడిగారు. "142 అంటే ఇంతకుముందు ఎవరో ఎవరికో అమ్మిన ధర. ఆ ధరకు ఇప్పుడు నీకు అమ్మేదెవరు?"

నాకు సిగ్గనిపించింది. పాత ఇత్తడి బిందె తూకానికి తీసుకునే ధర ఒకటి, కొత్త బిందె అమ్మే ధర ఒకటి అని ఇరవై ఏళ్లుగా రోజూ చెబుతున్నవాణ్ణి. షేరుకూ రెండు ధరలుంటాయని పుస్తకంలో ఎక్కడా రాసుకోలేదు.

ఇంకో లోపం తర్వాత బయటపడింది. అది ఇంతకన్నా లోతైనది. 138 వస్తే కొనాలని పుస్తకంలో రాసుకున్నాననుకోండి. ధర సరిగ్గా 138ని తాకి 143కి ఎగిరితే, కొన్నట్టే లెక్క వేసుకునేవాణ్ణి. ఎక్స్ఛేంజిలో మాత్రం ఒకే ధరకు వచ్చిన ఆర్డర్లలో ముందు వేసినవాళ్లకే ముందు దొరుకుతుంది. వరుసలో వెనక ఉన్న నాకు ఆ షేరు రాలేదు. అదే ధర 138 దాటి 134కు జారినప్పుడు నా ఆర్డర్ పూర్తిగా నెరవేరింది. అంటే మంచివి కొన్ని చేజారుతాయి, చెడ్డవి మాత్రం తప్పకుండా చేతికొస్తాయి. పుస్తకం రెండింటినీ ఒకేలా రాసుకుంటుంది.

మనసు సంగతి సరేసరి. పుస్తకంలో అయిదు శాతం పడితే ప్రతిసారీ అమ్మేశాను. గల్లాపెట్టె డబ్బు పెట్టాక మొదటిసారి ఆ గీత దగ్గరికి రాగానే, రేపు లేస్తుందిలే అని, ఆ ధరకు పడితే అమ్మేయమని ముందే వేసి ఉంచిన స్టాప్‌లాస్ ఆర్డర్ తీసేశాను. అయిదు శాతం నష్టం తొమ్మిది శాతమైంది. ఏ అభ్యాసమూ ఈ బలహీనతను ముందుగా చూపించలేదు.

డబ్బు ఆపేసి మళ్లీ పుస్తకం తీశాను. ఇప్పుడు కొనేటప్పుడు అమ్మేవాళ్లు అడుగుతున్న ధర, అమ్మేటప్పుడు కొనేవాళ్లు ఇస్తామంటున్న ధర రాస్తాను. నేను చెప్పిన ధర కిందికి షేరు దిగితేనే కొన్నట్టు లెక్క. ఖర్చులన్నీ అక్కడే తీసేస్తాను. పాత నలభై ఒక్క లావాదేవీల్లో ఆనాటి రెండు ధరలూ దొరకవు కనుక, ఒక్కోదానికి రెండు వందల చొప్పున ఉజ్జాయింపుగా తగ్గించి చూశాను. పదకొండు వేలు మూడు వేలలోపుకి వచ్చింది.

దాని పక్కనే నిజంగా పది షేర్లు కొంటున్నాను. డీమ్యాట్ రుసుము అమ్మిన ప్రతిసారీ ఒకేలా పడుతుంది కాబట్టి పది షేర్ల మీద లాభం లెక్క చూడను. పుస్తకంలోని ధరకూ నాకు దొరికిన ధరకూ ఎంత తేడా ఉందో అదొక్కటే రాసుకుంటాను. పెద్ద కంపెనీల్లో అది చాలాసార్లు పైసల్లోనే ఉంది. తక్కువగా చేతులు మారే షేర్లలో మాత్రం పది షేర్లకే ఆ తేడా కనిపిస్తోంది. వాటిని ప్రస్తుతానికి ముట్టుకోవడం లేదు.