లూసర్న్ మడిలో పడ్డ మా గౌరి

తెనాలి దగ్గర మా ఊళ్ళో వరి కోతలయ్యాక జనవరిలో మంచు బాగా పడుతుంది. అలాంటి ఒక తెల్లారుజామున మా జెర్సీ క్రాస్ ఆవు గౌరి పలుపు తెంపుకుని, చావిడి వెనకున్న లూసర్న్ పచ్చిమేత మడిలో పడింది. పాలు తీయడానికి లేచిన మా బాబాయి చూసేసరికి మడిలో ఒక మూల నున్నగా అయిపోయింది. పైరింకా పూతకు రాలేదు. రెండో కోత తర్వాత వేసిన లేత చిగురు, ఆకు నిండా మంచు. రాత్రి గాడిలో వేసిన వరిగడ్డి మాత్రం ముట్టినట్టే లేదు.

తోలుకొచ్చి కట్టేశాం. కాసేపటికే తేడా తెలిసింది. వెనక నిలబడి చూస్తే ఎడమ డొక్క, అంటే ఆఖరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్య మామూలుగా గుంటలా ఉండే చోటు, నిండిపోయి ఉబ్బెత్తుగా లేచింది. కుడివైపు అంతగా లేదు. వేలితో కొడితే డప్పులా మోగింది. గౌరి వెనక్కాలితో పొట్ట తన్నుకుంటోంది, పడుకోబోయి మళ్ళీ లేస్తోంది, కొంచెం కొంచెంగా పేడ వేస్తోంది. నెమరు లేదు, త్రేన్పు లేదు. ఇంకాసేపటికి మెడ చాచి, నోరు తెరిచి ఊపిరి తీయడం మొదలుపెట్టింది. అప్పుడు నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. కడుపు ఉబ్బి పైకి తన్నితే ఊపిరితిత్తులకు చోటుండదు, ఊపిరాడక పశువు పడిపోతుంది. మొదలైన గంట రెండు గంటల్లోనే చచ్చిపోయే పశువులున్నాయి.

నేను డాక్టరుగారికి ఫోన్ చేస్తుంటే బాబాయి దూలంలో ఉన్న కత్తి తీశాడు. "ఒరేయ్, ఎడమ డొక్కలో ఒక్క పోటు పొడిస్తే గాలి మొత్తం పోతుందిరా. మా నాన్న అలాగే బతికించేవాడు" అన్నాడు. డాక్టరుగారు అటునుంచి విన్నట్టున్నారు. "పొడవొద్దని చెప్పండి. లేత లూసర్న్ మేసిందంటే అది గాలి కాదండీ, నురగ. ఇంట్లో నువ్వులనూనో, వేరుశనగ నూనో ఉందా?" అన్నారు.

ఆ తేడా ఏమిటో ఆయన తర్వాత చెప్పారు. మామూలుగా మేత పులిసినప్పుడు పుట్టే గాలి కడుపులో పైకి చేరుతుంది, పశువు త్రేన్చి దాన్ని వదిలేస్తుంది. లూసర్న్, బెర్సీమ్ లాంటి లేత పప్పుజాతి మేతల్లో నీళ్ళలో కరిగే మాంసకృత్తులు ఎక్కువ. ఆకు త్వరగా చిదిగి, ఆ రసం జిగటగా మారి, గాలిని చిన్న చిన్న బుడగల్లో పట్టేస్తుంది. కడుపు మొత్తం నురగే. త్రేన్చుదామంటే నురగ గొంతుకు అడ్డం పడుతుంది. కత్తితో పొడిచినా రంధ్రంలోంచి నురగ కొంచెం వచ్చి మూసుకుపోతుంది తప్ప ఉబ్బు దిగదు. పైగా కడుపులోది చుట్టూ కారి చీము పడుతుంది. బాబాయి వాళ్ళ నాన్న బతికించిన పశువులకు బహుశా వట్టి గాలే పట్టి ఉంటుంది. మామిడి టెంకో, దుంపో గొంతులో ఇరుక్కుంటే వచ్చేది ఆ రకం. అందులో గొట్టం దించగానే గాలి బుస్సుమని పోతుంది.

నూనె ఎందుకో మా ఊరివాళ్ళకు చెప్పడం తేలికే. బెల్లం వండేటప్పుడు పెనం పొంగిపోతుంటే రెండు చుక్కల ఆముదం వేస్తే పొంగు దిగుతుంది. ఇక్కడా అంతే, నూనె తగిలితే బుడగలు పగిలి గాలి విడిపోతుంది. పెద్ద పశువుకు పావు లీటరు నుంచి అర లీటరు వరకు పోయవచ్చట. మేము వేరుశనగ నూనె ఓ మూడొందల మిల్లీలీటర్లు సీసాలో పోసి సిద్ధం చేశాం.

తాగించేటప్పుడే జాగ్రత్త. గౌరి తలను బాబాయి వీపుకు సమంగా మాత్రమే ఎత్తి పట్టుకున్నాడు. మరీ పైకి ఎత్తినా, నాలుక లాగి పట్టినా నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అది ఉబ్బుకన్నా మొండి జబ్బు. నోటి పక్క సందులో సీసా పెట్టి, మింగినంతే పోస్తూ వచ్చాను. ఒకసారి దగ్గింది. వెంటనే ఆపి, తల వదిలేసి, ఊపిరి తిరిగాక మళ్ళీ మొదలుపెట్టాం. తర్వాత ముందుకాళ్ళు ఎత్తున ఉండేలా చావిడి గుమ్మం ముందున్న వాలులో నిలబెట్టి, ఎడమ డొక్కను పిడికిలితో మెత్తగా నొక్కుతూ ఉన్నాం, నూనె కలవాలని. నోటికి అడ్డంగా వేపకర్ర కట్టాం, నములుతుంటే లాలాజలం ఊరుతుంది. పడుకోనివ్వలేదు.

డాక్టరుగారు వచ్చేసరికి ఊపిరి ఇంకా బరువుగానే ఉంది కానీ నిలబడి ఉంది. ఆయన నోట్లోంచి రబ్బరు గొట్టం దించారు. ముందు గాలి రాలేదు, పచ్చటి నురగ వచ్చింది. ఆ గొట్టంలోంచే నురగ విరిచే సిలికోన్ మందు పోసి, గొట్టాన్ని ముందుకూ వెనక్కూ కదుపుతూ కూర్చున్నారు. లావుపాటి సూదిలాంటి పరికరాన్ని మాత్రం పక్కన విప్పి పెట్టుకున్నారు. పశువు కూలబడి, నాలుక నీలంగా మారి, ఇక నిమిషాలే ఉన్నాయంటే, ఎడమ డొక్కలో పైభాగాన అది దించి, దాని గొట్టంలోంచి కూడా నూనె పోయాలట. చేయి తెలిసినవాళ్ళు చేసినా పుండు పడొచ్చు కాబట్టి ముందుగా ఎత్తుకోరు. మాకు ఆ అవసరం రాలేదు. సుమారు అరగంటకు గౌరి పెద్దగా త్రేన్చింది. తర్వాత మరోటి. డొక్క మెల్లగా దిగడం కంటికి కనిపించింది.

ఆ రోజంతా పచ్చిమేత, దాణా ఏమీ వేయలేదు. గోరువెచ్చని నీళ్ళు, సాయంత్రం గుప్పెడు వరిగడ్డి, అంతే. నెమరు వేయడం చూశాకే మేత పెంచాం. పాలు సగానికి పడిపోయి నెమ్మదిగా తిరిగొచ్చాయి. కొందరు నూనెలో టర్పెంటైన్ కలిపి పోస్తారు, అది పనిచేస్తుంది కానీ పాలకు వాసన పట్టుకుంటుంది, విడిగా పోస్తే గొంతు కాలుతుంది. మా పాలు కేంద్రానికి పోస్తాం కాబట్టి వాడనందుకు ఊరట అనిపించింది.

ఇప్పుడు లూసర్న్ మానలేదు, అంత మంచి మేతని ఎవరు వదులుకుంటారు? కానీ పొద్దున ముందు వరిగడ్డి వేస్తాం, కాస్త కడుపు నిండాకే పచ్చిది. మడిలోకి తోలడం లేదు. మంచు ఆరాక కోసి, మధ్యాహ్నం దాకా నేలమీద పరిచి వాడ్చి, చాఫ్ కట్టర్లో గడ్డితోనూ సూపర్ నేపియర్‌తోనూ కలిపి వేస్తాం. మొత్తం మేతలో లూసర్న్ సగం దాటనివ్వం. వాడ్చితే ప్రమాదం తగ్గుతుందే కానీ పూర్తిగా పోదు, అందుకే పూత వేయక ముందు కోసిన రోజుల్లో చావిడి వదిలి వెళ్ళం. కొత్తగా పెట్టే పశువుకు రోజూ కొంచెం కొంచెం పెంచుతాం. మినుము, పెసర మడుల్లో తడి ఆరకముందే తోలుకెళ్ళేవాళ్ళకీ ఇదే చెబుతున్నాను. ఇలా ఉబ్బిన పశువుకోసం ఎవరికి ఫోన్ చేయాలో తెలియనివాళ్ళు 1962 నంబరు గుర్తుపెట్టుకోండి, పశువుల సంచార వైద్యశాలది. వాళ్ళు వచ్చేలోగా నూనె మన చేతుల్లో ఉంటుంది.

ఒకసారి ఉబ్బిన ఆవుకు మళ్ళీ వచ్చే వీలు ఎక్కువని, ఆ గుణం దూడలకూ కొంత దిగవచ్చని డాక్టరుగారు అన్నారు. గౌరి పెయ్యదూడ ఇప్పుడు పచ్చి మేతకు వస్తోంది. దాన్ని తల్లికి దూరంగా, గాడి నిండా వరిగడ్డి ఉన్న వైపు కట్టాం.