లిమ్మాట్ నుంచి నెకర్ దాకా: అనబాప్టిస్టుల మరణశిక్షల వెంట ఒక ప్రయాణం

జ్యూరిక్ పాతపట్టణంలో లిమ్మాట్ నది ఎడమ ఒడ్డున, షిప్ఫె అనే చోట, 2004లో పెట్టిన ఒక ఫలకం ఉంది. 1527 నుంచి 1532 వరకు ఫెలిక్స్ మాంజ్‌ను, మరో ఐదుగురు అనబాప్టిస్టులను, అంటే పసితనపు బాప్తిస్మం చెల్లదని పెద్దయ్యాక తిరిగి బాప్తిస్మం తీసుకునేవారిని, ఇక్కడే నదిలో ముంచి చంపారని దాని మీద రాసి ఉంది. అక్కడి నుంచి తలెత్తితే అవతలి ఒడ్డున గ్రాస్‌మున్‌స్టర్ జంట గోపురాలు కనిపిస్తాయి. జ్యూరిక్ సంస్కరణకు నాయకుడైన జ్వింగ్లీ ప్రసంగించిన ఆలయం అది. మాంజ్ ఆ ఆలయానికి చెందిన ఒక మతాధికారి కొడుకు, హీబ్రూ పండితుడు, మొదట్లో జ్వింగ్లీ అనుచరుడు. పోపు అధికారాన్ని ధిక్కరించిన పట్టణమే తనలో నుంచి వచ్చిన సంస్కర్తను ఎందుకు చంపిందన్నది తెలుసుకోవాలనే నేను ఈ ప్రయాణం పెట్టుకున్నాను.

గొడవ 1523 నాటికే మొదలైంది. పూజావిధానాన్ని ఎప్పుడు, ఎంత మార్చాలో నగర మండలి నిర్ణయించాలని జ్వింగ్లీ అన్నాడు. బైబిలు చెప్పినదానికి మండలి అనుమతి ఎందుకని ఆయన శిష్యుల్లో కొందరు ఎదురు ప్రశ్న వేశారు. 1525 జనవరిలో జరిగిన బహిరంగ చర్చ తరువాత, పసిబిడ్డలకు ఎనిమిది రోజుల్లోగా బాప్తిస్మం ఇప్పించకపోతే ఊరి నుంచి వెళ్లగొడతామని మండలి ఆజ్ఞాపించింది. ఆ ఆజ్ఞ వెలువడిన కొద్ది రోజులకే, జనవరి 21న, ఆ శిష్యుల్లో ఒకడైన కాన్రాడ్ గ్రేబెల్ తన సహచరుడు జార్జ్ బ్లౌరాక్‌కు పెద్దవాడయ్యాక బాప్తిస్మమిచ్చాడు. మహబూబ్‌నగర్ ప్రాంతపు మెన్నోనైట్ బ్రదరన్ సంఘాలవారికి, విశ్వసించే వయసు వచ్చాకే బాప్తిస్మం తీసుకోవడం ఇవాళ మామూలు విషయం. వారి పూర్వపరంపర మొదలైనది ఇలాంటి చోటనే, ఇలాంటి ధిక్కారంతోనే.

అప్పటి పాలకులకు అది చిన్న విషయం కాదు. ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డా బాప్తిస్మంతో ఒకేసారి సంఘంలోనూ పౌరసమాజంలోనూ చేరేది. సంఘమూ ఊరూ వేరువేరన్న ఊహే వారికి లేదు. విశ్వాసులు మాత్రమే చేరే సంఘం ఒకటి విడిగా ఏర్పడితే, మిగిలిన ఊరంతా క్రైస్తవేతరమని తీర్పు చెప్పినట్టే. పైగా 1525లో జర్మన్ ప్రాంతాలను రైతుల తిరుగుబాటు కుదిపివేసింది. అందుకే 1526 మార్చిలో మండలి తిరిగి బాప్తిస్మమిచ్చేవారికి నీటిలో ముంచి మరణశిక్ష అని ప్రకటించింది. 1527 జనవరి 5న మాంజ్ చేతులు కట్టి, వాటిని మోకాళ్ల మీదుగా దించి, మధ్యలో కర్ర దూర్చి నదిలోకి తోశారు. క్రైస్తవుడు అధికార పదవి చేపట్టకూడదనీ, ఖడ్గంతో ఎవరినీ శిక్షించకూడదనీ బోధించాడన్నది కూడా అతని మీది నేరాల్లో ఒకటి. నా దృష్టిలో ఆ తీర్పుకు ఆయువుపట్టు అదే.

జ్యూరిక్ నుంచి ఉత్తరానికి రైలు షాఫ్‌హౌజెన్ మీదుగా వెళుతుంది. దానికి దగ్గరలోని ష్లైట్‌హైమ్‌లో 1527 ఫిబ్రవరి 24న అనబాప్టిస్టులు ఏడు అంశాల విశ్వాస ఒప్పుకోలును ఆమోదించారు. ఖడ్గం పట్టరాదని, ప్రమాణం చేయరాదని అందులో స్పష్టంగా ఉంది. స్విస్ పట్టణాల్లో పౌరులందరూ కలిసి చేసే ప్రమాణం మీదే పాలన నిలబడేది. న్యాయస్థానంలో సాక్ష్యం కూడా ప్రమాణం మీదే ఆధారపడేది. ప్రమాణం చేయనన్నవాణ్ణి ఏ పాలకుడు నమ్ముతాడు?

ఆ పత్రం రూపకల్పనలో ముఖ్యుడైన మైకేల్ సాట్లర్ ఒకప్పుడు బెనెడిక్టైన్ సన్యాసి. హోర్బ్‌లో పట్టుబడ్డ అతన్ని నెకర్ నది ఒడ్డునున్న రోటెన్‌బర్గ్‌లో విచారించారు. నేను హోర్బ్‌లోనే రైలు మారి ఆ ఊరు చేరాను. అప్పట్లో అది హాబ్స్‌బర్గ్ రాజవంశపు పాలనలోని కాథలిక్ పట్టణం. ఇప్పుడు కాథలిక్ బిషప్ పీఠం. పరిశుద్ధ ప్రసాదాన్ని నిరాకరించడం, సన్యాసం వదిలి పెళ్లాడడం వంటి అభియోగాలు జ్యూరిక్‌లో వినిపించేవి కావు. కానీ ప్రమాణం, ఖడ్గం విషయాలకు వచ్చేసరికి రెండు ఊళ్ల న్యాయాధిపతులదీ ఒకే భాష. మొహాచ్ యుద్ధంలో తురుష్కుల చేతిలో ఓడి, పారిపోతూ హంగరీ రాజు మరణించి ఏడాది కూడా కాలేదు. అప్పుడు సాట్లర్, తురుష్కులు వచ్చినా ఎదిరించకూడదన్నాడు. 1527 మే నెలలో అతని నాలుక కోసి, కాల్చిన పట్టకార్లతో కండలు పీకి, తగలబెట్టారు. భార్య మార్గరేతాను కొద్ది రోజులకు నెకర్‌లో ముంచి చంపారు.

జర్మన్ పట్టణమైన మ్యూన్‌స్టర్‌లో అనబాప్టిస్టులు పట్టణాన్ని ఆక్రమించి బహుభార్యాత్వం ప్రవేశపెట్టినందువల్లే అందరూ వారి మీద పడ్డారని చాలామంది అనుకుంటారు. అది 1534–35 నాటి మాట. ఆ ఘటన భయానికి సాక్ష్యమై శిక్షలను మరింత కఠినం చేసింది గాని, మాంజ్, సాట్లర్ దంపతులు అప్పటికే చనిపోయి ఏడేళ్లయింది.

చివరగా జర్మనీలోని స్పేయర్ వెళ్లాను. 1529 ఏప్రిల్‌లో అక్కడ జరిగిన పవిత్ర రోమన్ సామ్రాజ్య సభలో లూథరన్ పాలకులు కాథలిక్ మెజారిటీకి వ్యతిరేకంగా నిరసన తెలిపారు. ప్రొటెస్టెంట్ అనే పేరు ఆ నిరసన నుంచే వచ్చింది. దాని జ్ఞాపకార్థం కట్టిన పెద్ద చర్చి అక్కడ ఉంది. అదే సభలో, అదే నెలలో, తిరిగి బాప్తిస్మం పొందినవారికి మతవిచారణ అవసరం లేకుండానే మరణశిక్ష విధించాలన్న శాసనానికి ఇరుపక్షాలూ అంగీకరించాయి. తిరిగి బాప్తిస్మమిచ్చిన పూర్వపు క్రైస్తవ వర్గమైన డొనాటిస్టుల కాలం నాటి రోమన్ చట్టాన్ని దానికి ఆధారంగా చూపారు. అయినా నిరసనకారుల్లో ఒకడైన హెస్సె పాలకుడు ఫిలిప్ మాత్రం తన రాజ్యంలో విశ్వాసం కోసం ఎవరినీ చంపడానికి ఒప్పుకోలేదు. వారిని చెరలో పెట్టాడు, దేశం నుంచి వెళ్లగొట్టాడు. అదే ఫిలిప్ తరువాత మ్యూన్‌స్టర్ ముట్టడిలో కాథలిక్ బిషప్‌కు సాయం చేశాడు.