నడుము టేపుతో కొవ్వు లెక్క: నా అనుభవం

పదేళ్లుగా నా బరువు 71 కిలోల దగ్గరే ఉంది. ఎత్తు 172 సెంటీమీటర్లు. ఏటా చెకప్‌లో బీఎంఐ 24.0 అని రావడం, పక్కన ‘నార్మల్’ అని ఉండటం, నేను ఆ కాగితం మడిచి దాచేయడం మామూలైపోయింది. కానీ ఈ పదేళ్లలో బెల్టు రెండు బెజ్జాలు వదులు చేసుకోవాల్సి వచ్చింది. బరువు పెరగకుండా పొట్ట ఎలా పెరిగిందని ఈసారి డాక్టరు గారిని అడిగేశాను.

“అప్పట్లో రోజూ ఆడేవారు కదా. ఆ కండ కొంత పోయి, దాని చోట కొవ్వు చేరి ఉంటుంది. త్రాసుకు రెండూ ఒకటే. నడుము కొలిచి ఆర్‌ఎఫ్‌ఎం లెక్క వేసుకోండి,” అన్నారాయన.

రిలేటివ్ ఫ్యాట్ మాస్ అనే మాట నేను వినడం అదే మొదలు. ఇంటికొచ్చి చదివితే సూత్రం చాలా చిన్నదే.

```
men:   RFM = 64 - 20 * (height / waist)
women: RFM = 76 - 20 * (height / waist)
```

వచ్చే జవాబు ఒంట్లో కొవ్వు ఎంత శాతమో చెప్పే అంచనా. ఇందులో బరువు అన్నదే లేదు. ఎత్తు, నడుము రెండూ సెంటీమీటర్లలో ఉన్నా, రెండూ అంగుళాల్లో ఉన్నా జవాబు ఒకటే. ఒకటి ఇందులో, ఒకటి అందులో ఉంటే మాత్రం లెక్క తప్పుతుంది.

లాస్ ఏంజెలెస్‌లోని సీడర్స్-సైనాయ్ ఆసుపత్రి పరిశోధకులు ఓరిసన్ వూల్కాట్, రిచర్డ్ బెర్గ్‌మన్ దీన్ని 2018లో ప్రచురించారు. అమెరికా జాతీయ ఆరోగ్య సర్వేలో వేలమంది పెద్దవాళ్ల కొలతలు, ఒంట్లో కొవ్వును ఎక్స్-రేలతో కొలిచే డెక్సా స్కాన్ వాళ్లకే చేసిన ఫలితాలు ఉన్నాయి. ఎత్తు, నడుము, బరువు వంటి కొలతలను రకరకాలుగా కలిపి, మూడు వందలకు పైగా సూత్రాలను ఆ స్కాన్లతో పోల్చి చూశారు. అందులోంచి తేలినది ఇది. అంటే, ఖరీదైన స్కాన్ చెప్పే జవాబుకు టేపుతో దగ్గరగా వెళ్లే ప్రయత్నం.

నేను మొదట చేసిన పని, ప్యాంటు మీదున్న 34 అంగుళాల సైజు తీసుకుని 86 సెంటీమీటర్లుగా లెక్క వేయడం. 172ని 86తో భాగిస్తే 2, ఇరవైతో గుణిస్తే 40, 64 లోంచి తీసేస్తే 24. పర్వాలేదనుకున్నాను. అయితే ప్యాంటు నిలబడేది పొట్ట కిందికి జారిన చోట. పైగా కంపెనీలు వేసే సైజుకు, గుడ్డ అసలు కొలతకు పొంతన ఉండాలనేం లేదు. అందుకే మర్నాడు పొద్దున్నే, ఏమీ తినకముందు, చొక్కా తీసేసి అద్దం ముందు నిలబడ్డాను.

టేపు ఎక్కడ పెట్టాలన్నది ఈ లెక్కలో ప్రాణం లాంటిది. ఆ సర్వేలో కొలిచింది తుంటి ఎముక పై అంచుకు కాస్త పైన. చంక మధ్య నుంచి నిటారుగా కిందికి వేళ్లతో గట్టిగా నొక్కుకుంటూ వస్తే, మెత్తగా ఉన్నది పోయి ఒకచోట గట్టి అంచు తగులుతుంది. రెండు పక్కలా ఆ అంచు మీద పెన్నుతో చిన్న గీత పెట్టుకున్నాను. టేపు ఆ గీతల మీదుగా, నేలకు సమాంతరంగా చుట్టూ రావాలి. చర్మాన్ని తాకాలి కానీ నొక్కకూడదు. మామూలుగా ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి లాగకుండా చదవాలి.

మొదటిసారి 91 వచ్చింది. పక్కకు తిరిగి అద్దంలో చూస్తే వెనక టేపు పైకి ఎగబాకి ఉంది. సరిచేస్తే 94. ఇంకోసారి 94, మూడోసారి 94.5. మూడూ ఒక సెంటీమీటరు లోపలే ఉన్నాయి కాబట్టి 94 తీసుకున్నాను. 172ని 94తో భాగిస్తే 1.83, ఇరవై రెట్లు 36.6, జవాబు 27.4. ప్యాంటు సైజుతో వచ్చిన 24కి, దీనికి మూడు పాయింట్లకు పైగా తేడా. నా కొలతల దగ్గర ఒక్క సెంటీమీటరు తప్పు జవాబును సుమారు 0.4 కదిలిస్తుంది. కొలతలో ఎంత జాగ్రత్త అవసరమో దాంతో అర్థమైంది.

వూల్కాట్, బెర్గ్‌మన్ 2020లో మరణాల లెక్కలతో పోల్చి, మగవాళ్లకు 30, ఆడవాళ్లకు 40 దాటితే ఊబకాయంగా చూడవచ్చని సూచించారు. నేను ఆ గీత దాటలేదు కానీ, ‘నార్మల్’ అన్న మాట చూసి నేననుకున్నంత దూరంలో కూడా లేను.

ఇది తెలిసి మా చెల్లి ఫోన్ చేసింది. “అన్నయ్యా, నాకు 25.5 వచ్చింది, నీకంటే నేనే నయం!” అంది. దాని ఎత్తు 158, నడుము 82. నేను పంపిన నా లెక్కలోనే అంకెలు మార్చి వేసింది, అంటే 64తో. 76 పెట్టి వేయమంటే 37.5 వచ్చింది. పాపం కంగారుపడింది. ఆ పన్నెండు పాయింట్ల తేడా ఎందుకో చెప్పాకే స్థిమితపడింది. ఆడవాళ్లకు సహజంగానే తొడలు, పిరుదులు, రొమ్ముల దగ్గర కొవ్వు ఎక్కువ. నడుము టేపుకు అది దొరకదు, కాబట్టి సూత్రమే దాన్ని కలుపుతుంది. తన జవాబును 40తో పోల్చుకోవాలి కానీ నా 27తో కాదు.

కొన్నాళ్లు వాడాక నాకు ఇంకో సంగతి తట్టింది. నడుము సరిగ్గా ఎత్తులో సగం ఉన్న ఏ మగవాడికైనా 24, ఏ ఆడమనిషికైనా 36 వస్తుంది. అంటే లోపల ఉన్నది నడుముకు, ఎత్తుకు మధ్య నిష్పత్తే. దాన్ని కొవ్వు శాతం భాషలోకి మార్చారంతే. ఒకే ఎత్తు, ఒకే నడుము ఉన్న ఇద్దరు మగవాళ్లలో ఒకరి భుజాలు, తొడలు కండ తిరిగి ఉన్నా ఇద్దరికీ ఒకటే జవాబు. నిజమైన స్కాన్ కొన్ని పాయింట్లు అటూ ఇటూ చూపిస్తే ఆశ్చర్యం లేదు. ఆ కొవ్వు చర్మం కింద ఉందా, పేగుల చుట్టూ ఉందా అన్నదీ టేపుకు తెలియదు. గర్భిణులకు, పొట్టలో నీరు చేరినవాళ్లకు ఈ లెక్క పనికిరాదు. ఇది పెద్దవాళ్ల కొలతలతో కట్టిన సూత్రం కాబట్టి పిల్లలకూ వేయకూడదు.

నాకు ఇది పనికొచ్చింది మార్పు చూసుకోవడానికి. బరువులెత్తడం, నడక మొదలుపెట్టి ఐదు నెలలైంది. త్రాసు మీద ఒక్క కిలో తగ్గాను, బీఎంఐ 24.0 నుంచి 23.7కి వచ్చింది. ఆ అంకె ఒక్కటే చూసుంటే మానేసేవాణ్నే. నడుము మాత్రం 94 నుంచి 89కి దిగింది, ఆర్‌ఎఫ్‌ఎం 25.3. నెలకొకసారి, అదే పూట, అవే ఎముకల మీద గీతలు పెట్టి కొలుస్తున్నాను. మొన్న చెకప్‌కి వెళ్తే డాక్టరు గారు నా ఫైల్లో బీఎంఐ పక్కన ‘నడుము 89’ అని రాసుకున్నారు.