మెషీన్ కింద చెంబెడు నీళ్లు: ఆఖరి రిన్స్‌లోనే ఎందుకు?

హనుమకొండలో మా ఇంటి ఫ్రంట్ లోడ్ మెషీన్ కింద వారం రోజులుగా నీళ్లు వస్తున్నాయి, ఎక్కువేం కాదు, ఒక చెంబెడు. మెకానిక్‌కు ఫోన్ చేస్తే చూడకుండానే పంపు పోయిందన్నాడు. "ముందు ఎక్కడ కారుతుందో చూడు బిడ్డా, తర్వాత పైసలు పెట్టు" అన్నది అమ్మ.

శనివారం: ప్లగ్ తీసి నేలంతా తుడిచాను. మడుగు ఉన్న చోటే లీకు అనుకోవద్దు, మా బాల్కనీ నేల జాలీ వైపు వాలి ఉంటుంది కాబట్టి ఎక్కడ కారినా నీళ్లు అక్కడికే చేరతాయి. అందుకే మెషీన్ కింద నాలుగు మూలలా పాత పేపర్లు పరిచాను. మెషీన్ నడపకుండా నల్లా మాత్రం తిప్పి, పైపు బిగింపుల చుట్టూ టిష్యూ చుట్టి అరగంట వదిలేశాను. చుక్క కూడా లేదు, పైపు జోలికి పోవాల్సిన పని లేదు.

ఆదివారం: బట్టలేసి, పక్కనే స్టూల్ వేసుకొని టార్చ్ పట్టుకొని కూర్చున్నాను (ఇంట్లోవాళ్లు నవ్వుకున్నారు). డ్రమ్ము తిరుగుతున్నంతసేపు డోర్ రబ్బరు కింద పొడిగానే ఉంది. మొదటిసారి మురికినీళ్లు బయటికి పోయేటప్పుడు పంపు మోత వినిపించింది, ఆ మూల పేపర్ తడవలేదు. పంపో దాని ఫిల్టర్ మూతో కారేదైతే ఇక్కడే బయటపడాలి కదా! ఆఖరి రిన్స్‌కు నీళ్లు పడుతుండగా సబ్బుపొడి, కండిషనర్ వేసే డ్రాయర్ కింది అంచు నుంచి సన్నటి ధార ముందు రేకు మీదుగా జారింది. వేలితో తాకితే జిగటగా ఉంది, కండిషనర్ వాసన.

ఆఖరి రిన్స్‌లోనే నీళ్లు కండిషనర్ అరలోకి వస్తాయి. ఆ అర మధ్యలో చిన్న గొట్టం, దాని మీద టోపీ ఉంటాయి, నీళ్లు ఒక ఎత్తుకు రాగానే గొట్టంలోంచి కిందికి లాగేసుకుంటాయి. మాది మూసుకుపోయింది. డ్రాయర్ బయటికి లాగి టోపీ తీస్తే లోపల గడ్డపెరుగులాంటి ముద్ద, పైన బోరు నీళ్ల తెల్లపొర. పోసిన కండిషనర్ కూడా MAX గీత దాటే పోస్తున్నామని అప్పుడు తెలిసింది.

వేడినీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి డ్రాయర్‌నూ టోపీనీ గంటసేపు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. డ్రాయర్ గూడు పైకప్పులో నీళ్లు చిమ్మే రంధ్రాలుంటాయి, వాటినీ పుల్లతో పొడిచాను, అవి సగం మూసుకుంటే నీళ్లు అడ్డంగా చిమ్మి ముందుకొస్తాయి. తర్వాత సింకులో ఆ అరలో MAX పైదాకా నీళ్లు పోసి చూశాను, అడుగున కొద్దిగా మిగిలి అంతా దానంతటదే జారిపోయింది. ముందు నిండిపోయి అట్లనే ఉండేది.

మంగళవారం: మెషీన్ ముందు కాలు కొంచెం కిందికి దిగి ఉందని స్పిరిట్ లెవెల్‌తో తేలింది, స్పానర్‌తో తిప్పి సమం చేశాను. రెండు వాష్‌లు అయ్యాయి, పేపర్లు పొడిగానే ఉన్నాయి. ఇంకో రెండు వాష్‌ల దాకా మాత్రం తియ్యను.