చెక్కులు తీసుకోం అని ఒక నోటీస్ సరిచేయడం: నా అనుభవం

నిన్న సాయంత్రం మా నోటీస్ బయటికి వెళ్లింది, ఆరోసారి మార్చాక. కోపం, తేలిక రెండూ ఇంకా వేడిగానే ఉన్నాయి కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా.

నేను అకౌంట్స్‌లో చేస్తా. నెలనెలా మాకు బిల్లులు కట్టేవాళ్లలో చాలామంది చెక్కులే ఇచ్చేవాళ్లు. చెక్కు చేతికొస్తే డబ్బు వచ్చినట్టు కాదు కదా, బ్యాంకులో వేయాలి, క్లియర్ అవ్వాలి, సంతకం తేడా అనో బ్యాలెన్స్ లేదనో వెనక్కొస్తే మళ్లీ మొదటికి. అందుకే ఆపేద్దాం అన్నారు పైవాళ్లు. అందులో నాకు తగువేం లేదు. డ్రాఫ్ట్ ఒకటి నా చేతిలో పెట్టి భాష కాస్త మెరుగుపరచు అన్నారు. అది ఇది:

> ఇందుమూలంగా యావన్మంది చెల్లింపుదారులకు తెలియజేయునది ఏమనగా, జూలై 1 నుండి చెక్కుల రూపేణా చెల్లింపులు స్వీకరించబడవు. బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ లేదా డిజిటల్ చెల్లింపులు మాత్రమే అంగీకరించబడును. కావున సహకరించగలరు.

నేనేం చేశాను? "ఇందుమూలంగా" తీసేశా, "బడవు", "బడును" తీసి "తీసుకోము", "తీసుకుంటాము" అని పెట్టా. పది నిమిషాల పని. చదవడానికి హాయిగా ఉంది, అతికించేశారు. మెరుగుపెట్టడం అంటే మాటలు నున్నగా చేయడం అనుకున్నా, అక్కడే దెబ్బ తిన్నా.

జూలై 2న పోస్టులో ఒక చెక్కు వచ్చింది. నోటీస్ ప్రకారం తీసుకోకూడదు కాబట్టి కౌంటర్‌లో ఉన్న అమ్మాయి తిప్పి పంపేసింది, గడువు జూన్ 30తో అయిపోయింది కాబట్టి సిస్టమ్ దానంతటదే ఆలస్య రుసుము వేసేసింది. మూడు రోజుల తర్వాత ఆయనే వచ్చారు, పెద్దాయన. అరవలేదు. కౌంటర్ మీద కవరు పెట్టారు, దాని పక్కన చెక్కు పెట్టారు, గోడ మీది నోటీస్ చూపించి అడిగారు: "అమ్మా, చెక్కు మీద తేదీ 27. కవరు మీద ముద్ర 28. మీ చేతికొచ్చింది 2న. మీరు రాసిన ఒకటో తేదీ ఈ మూడింట్లో దేనికి?"

నా దగ్గర జవాబు లేదు. వెనక క్యూలో ఉన్నవాళ్లంతా వింటున్నారు. మేనేజర్ గారు బయటికొచ్చి, నోటీస్ చూసి, అందరి ముందూ "ఇది రాసింది ఈమే, ఈమెనే అడగండి" అనేసి లోపలికి వెళ్లిపోయారు. డ్రాఫ్ట్ ఇచ్చింది ఆయనే, సంతకం పెట్టింది ఆయనే. ఆ మాట మాత్రం నేను మర్చిపోను. పెద్దాయన రుసుము ఆ రోజే రద్దు చేయించా, అది వేరే సంగతి.

ఆ మధ్యాహ్నమే ఇంకోటి బయటపడింది. ఒకాయన ముందే మూడు పోస్ట్ డేటెడ్ చెక్కులు ఇచ్చి ఉంచారు, జూలై 5, ఆగస్టు 5, సెప్టెంబర్ 5 తేదీలవి. మా ఇద్దరు క్లర్కుల్లో ఒకరు జూలైది బ్యాంకులో వేసేశారు, ఇంకొకరు మిగతా రెండూ తిప్పి పంపడానికి కవర్లో పెట్టేశారు. ఇద్దరూ నోటీస్ చదివే చేశారు, ఇద్దరిదీ తప్పు కాదు. ఒకే వాక్యం ఒకే గదిలో ఇద్దరికి రెండు రకాలుగా అర్థమైందంటే తప్పు వాక్యానిదే, అంటే నాది.

అప్పుడు కూర్చుని, చెక్కుకి ఎన్ని తేదీలు ఉంటాయో ఒక కాగితం మీద రాసుకున్నా. రాసిన తేదీ, పోస్ట్ చేసిన తేదీ, మాకు అందిన తేదీ, బ్యాంకులో వేసిన తేదీ, క్లియర్ అయిన తేదీ. "1 నుంచి తీసుకోము" అన్న మాట ఈ ఐదింట్లో దేనికైనా అతుకుతుంది. మేము చూసి రాసిపెట్టుకోగలిగింది అందిన తేదీ ఒక్కటే, ఎందుకంటే అందిన రోజే మేము స్టాంప్ వేస్తాం. చెక్కు మీద ఎవరికి కావలసిన తేదీ వాళ్లు వేసుకోవచ్చు, పోస్టు ముద్ర ఒక్కోసారి కనబడదు. కాబట్టి అందిన తేదీనే పట్టుకున్నా. పాత గడువుతో జనం ఇప్పటికే ఇబ్బంది పడ్డారు కాబట్టి కొత్త గడువు జూలై 31 చేయించా, "సాయంత్రం 5 గంటల లోపు" అని కూడా పెట్టా. టైమ్ లేకపోతే ఆఖరి రోజు ఐదున్నరకి వచ్చినవాళ్లతో మళ్లీ గొడవే.

ఇంతటితో అయిపోయిందనుకున్నా. పక్క సీట్లో ఉండే సీనియర్ గారు చదివి ఒక్క ప్రశ్న వేశారు. "జూలై 31న ఒకాయనొచ్చి వచ్చే ఏడాదికి సరిపడా పన్నెండు చెక్కులు ఇచ్చి వెళ్తే?" నా వాక్యం ప్రకారం అవన్నీ తీసుకోవాల్సిందే, గడువులోపే అందాయి కదా! చెక్కులు ఆపేశాం అని చెప్పుకుంటూ ఇంకో ఏడాది వేస్తూనే ఉండాలి. అందుకే చెక్కు మీది తేదీ కూడా జూలై 31 దాటకూడదు అని రెండో షరతు పెట్టా. మరి ఆ మూడు చెక్కులాయన సంగతి? ఆయన నోటీస్ కంటే ముందే నమ్మి ఇచ్చాడు, వెనక్కి ఇవ్వడం న్యాయం కాదు. కొత్త నోటీస్ వచ్చేలోపు మా దగ్గరికి చేరినవి వాటి తేదీల ప్రకారమే వేస్తాం అని మూడో వాక్యం చేరింది. ఈ మూడు వాక్యాలకి నాకు రెండు రోజులు పట్టింది, మిగతా నోటీస్ మొత్తానికి ఒక పూట.

"మాత్రమే" అనే మాట గురించి కూడా చెప్పాలి. "ట్రాన్స్‌ఫర్ లేదా డిజిటల్ చెల్లింపులు మాత్రమే" అంటే నగదు కూడా వద్దన్నట్టే. మేనేజర్ గారిని అడిగితే ఆయన ఆ సంగతే ఆలోచించలేదు, నగదు కౌంటర్ అప్పటికీ తెరిచే ఉంది! పైకి అడిగి, నగదు కూడా ఆపేస్తాం అని తేల్చుకొచ్చారు. డిమాండ్ డ్రాఫ్ట్ చెక్కు కాదు కదా అని ఇంకొకరు వస్తారు కాబట్టి అదీ పేరు పెట్టి రాశా. ఏది తీసుకోరో పేర్లతో రాయండి, "మాత్రమే" మీద వదిలేయకండి. ఇంకోటి, "డిజిటల్" అనగానే ఫోన్ వాడనివాళ్లు ఇక మాకు దారి లేదని భయపడుతున్నారు. బ్యాంకు బ్రాంచికి వెళ్లి ఫారం నింపి ఇచ్చినా ట్రాన్స్‌ఫర్ అవుతుంది, అది కూడా బ్యాంక్ ట్రాన్స్‌ఫరే. ఆ ఒక్క లైన్ పెద్దాయన కోసమే పెట్టా.

అకౌంట్ నంబర్ నోటీస్‌లో వేయాలా వద్దా అన్నదాని మీద నేనూ మేనేజర్ గారూ గట్టిగానే వాదించుకున్నాం. వేస్తే సులువు అంటారు ఆయన. కానీ చూడండి, "ఇకపై చెక్కులు వద్దు, ఈ అకౌంట్‌కి పంపండి" అనే ఉత్తరం మోసగాళ్లు పంపేదానిలాగే ఉంటుంది. మన నోటీస్‌నే కాపీ కొట్టి, నంబర్ ఒక్కటి మార్చి పంపితే ఎవరు గుర్తుపడతారు? డబ్బు వేరే అకౌంట్‌లో పడ్డాక వెనక్కి రావడం చాలా కష్టం. పైగా మన చేత్తోనే అంకెలు తారుమారు కావొచ్చు, మూడో డ్రాఫ్ట్‌లో 47 బదులు 74 పడింది, టైప్ చేసింది ఆయనే, పట్టుకుంది నేనే. అందుకే మా అకౌంట్ మారలేదు, నంబర్ మీ పాత బిల్లు మీదే ఉంది, మార్చామని ఎవరైనా అంటే ఆ బిల్లు మీదున్న ఫోన్‌కే చేసి అడగండి అని రాశాం. ఈ ఒక్క విషయంలో నా మాటే నెగ్గింది.

చివరిది రిమార్క్స్. జూలై మొదటి వారంలో ట్రాన్స్‌ఫర్ అయిన వాటిలో పదకొండు ఎవరివో తెలియలేదు. స్టేట్‌మెంట్‌లో బిల్లు ఎవరి పేరు మీదుందో ఆయన పేరు ఉండదు, ఆయన భార్య పేరో కంపెనీ పేరో ఉంటుంది, రిమార్క్స్‌లో "జూన్ బిల్లు" అని ఉంటుంది, జూన్ బిల్లు అందరికీ ఉంది. చెక్కు అయితే వెనకాల బిల్లు నంబర్ రాసేవాళ్లు, ట్రాన్స్‌ఫర్‌లో ఆ వెనకవైపు లేదు. దాని బదులు రిమార్క్స్ గడి ఉంది, అందులో ఏం రాయాలో మనమే చెప్పాలి, అదీ ఒక్కటే చెప్పాలి. పేరు, నెల, ఫోన్ అన్నీ అడిగితే కొన్ని బ్యాంకుల గడిలో పట్టవు, చివర్లో ఉన్న బిల్లు నంబరే తెగిపోతుంది.

నిన్న అతికించింది ఇది:

> జూలై 31 సాయంత్రం 5 గంటల తర్వాత చెక్కులు, డిమాండ్ డ్రాఫ్టులు, నగదు తీసుకోము. బ్యాంక్ ట్రాన్స్‌ఫర్, కార్డ్, లేదా మా వెబ్‌సైట్‌లో కట్టండి. బ్యాంకు బ్రాంచికి వెళ్లి కూడా ట్రాన్స్‌ఫర్ చేయవచ్చు.
>
> ఆ గడువులోపు మాకు అందిన చెక్కులే తీసుకుంటాము, ఎప్పుడు పోస్ట్ చేసినా ఇదే లెక్క. చెక్కు మీది తేదీ కూడా జూలై 31 దాటకూడదు. ఈ నోటీస్ తేదీకి ముందే ఇచ్చిన పోస్ట్ డేటెడ్ చెక్కులు వాటి తేదీల ప్రకారం బ్యాంకులో వేస్తాము. గడువు దాటి అందిన చెక్కు తిప్పి పంపుతాము, ఆ బిల్లు కట్టనట్టే లెక్క.
>
> మా అకౌంట్ మారలేదు. నంబర్ మీ బిల్లు మీద ఉంది. మారిందని ఎవరైనా చెబితే, బిల్లు మీదున్న ఫోన్‌కి చేసి అడగండి. ట్రాన్స్‌ఫర్ చేసేటప్పుడు రిమార్క్స్‌లో బిల్లు నంబర్ మాత్రమే రాయండి.
>
> జూలై 1 గడువుతో ఇచ్చిన పాత నోటీస్ రద్దు.

పైన నోటీస్ తేదీ వేశాం, అది లేకపోతే "ముందే ఇచ్చిన" అన్న మాటకి అర్థం లేదు. పాత కాగితం గోడ మీద నుంచి నేనే పీకేశా, గేటు దగ్గర ఇంకోటి ఉందని సెక్యూరిటీ ఆయన చెబితే అదీ తీయించా. కింద "సహకరించగలరు" అని చేర్చమని మేనేజర్ గారు అడిగారు, చోటు లేదని చెప్పా. ఇక మేము ఎవరికైనా డబ్బు తిరిగివ్వాల్సి వస్తే చెక్కు ఇస్తామా, ట్రాన్స్‌ఫర్ చేస్తామా అన్నది ఇంకా తేలలేదు. పైవాళ్లు సోమవారం చెబుతామన్నారు, అప్పటిదాకా ఆ లైన్ పెట్టను.